మా అపార్టుమెంటులో ఒకటో చానెల్

మదనపల్లెలో అపార్టుమెంట్లు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. మేం అద్దెకు దిగిన భవనానికి నాలుగంతస్తులు, అంతస్తుకు నాలుగిళ్ళు. కట్టినాయన గాలీ వెలుతురూ రావాలని మెట్ల చుట్టూ ఇళ్ళన్నీ దగ్గర దగ్గరగా పేర్చాడు. గాలి సంగతి చెప్పలేను గాని, ఎదురింట్లో సాయంత్రం ఏ తాలింపు పడిందో మా ఇంట్లో తుమ్ములను బట్టి తెలిసేది.

నేను పుంగనూరులో డిగ్రీ కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. గిరాకీ, సరఫరా అంటూ రోజంతా బోర్డు మీద గీతలు గీసి, ఇంటికొచ్చేటప్పుడు ఏది తెమ్మన్నారో మరిచిపోయి వచ్చేవాణ్ణి. ఇంట్లో అమ్మ, నా భార్య, నేను.

నా భార్యది కుప్పం. జువాలజీ చదివింది. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు ఇంట్లోనే ఉండి, ఒకరోజు పేపరులో ప్రకటన చూసి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంటానంది. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక ఏం చూశారో, ఏం మందిచ్చారో రికార్డరులో చెబుతారు. ఆ మాటలు ఫైళ్ళుగా ఇక్కడికొస్తాయి. చెవుల్లో హెడ్‌ఫోను పెట్టుకుని విని, తప్పుల్లేకుండా టైపు చేసి, చెప్పిన గంటకు తిరిగి పంపాలి. దానికోసం ఆమె పుట్టింట్లో ఉండి, చీకటితో లేచి కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోయి, చీకటి పడ్డాక తిరిగి వచ్చేది. అలా కొన్ని నెలలు. ఆ నెలల్లో నేను, అమ్మ ఒకరి వంట ఒకరం మెచ్చుకోకుండా గడిపాం.

చివరికి బెంగళూరు కంపెనీ ఒకటి ఆమెను తీసుకుంది. ఇంటి నుంచే పని. సాయంత్రం ఫైళ్ళు వస్తాయి, భోజనాల వేళకు తిరిగి పోవాలి. మూడు నెలలు చూస్తారు. ఆలస్యం లేకపోతే ఉద్యోగం ఖాయం, ఉంటే నమస్కారం. ఆమె ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "ఇది నాకు కావాల్సినది. మీకు కోపమొచ్చినా అత్తమ్మకు కోపమొచ్చినా సాయంత్రం నన్ను పిలవొద్దు," అని మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మేం ఒప్పుకున్నాం. ఒప్పుకోకపోతే ఏం జరిగేదో తెలుసుకునే ధైర్యం మాకు లేదు.

అయితే ఆమెను పిలవకుండా ఉన్నది మేం ఇద్దరమే. ఇంటర్నెట్ అంత మర్యాద పాటించలేదు. పగలంతా బంగారంలా ఉండేది. దీపాలు పెట్టే వేళకు తూగడం మొదలుపెట్టేది. ఫైలు సగం పోయి ఆగేది. మూలన ఉన్న వైఫై గుర్తు మీద ఎర్రటి గీత పడేది. మళ్ళీ కలిపితే కలిసేది, కాసేపటికి మళ్ళీ పోయేది. "సాయంత్రమయ్యేసరికి అలిసిపోతాండాది పాపం," అని అమ్మ దానికి ఒక కారణం కనిపెట్టింది. అప్పటికి మా దగ్గరున్న కారణాల్లో అదే మేలైనది.

కేబులు గుచ్చుకుంటే సరిపోదా అని ఈపాటికి మీరు అనుకుంటుంటారు. మేమూ అనుకున్నాం. సెకండ్ హ్యాండులో కొన్న ఆ లాప్‌టాపుకు కేబులు గుచ్చే రంధ్రం కొనేటప్పటికే వంగిపోయి ఉంది. రిపేరుకు బెంగళూరు పంపాలన్నారు. పంపితే పని దేనిమీద చేస్తుంది? మోడెం ఉన్న హాల్లో కూర్చుని కూడా చూసింది. హాల్లో టీవీ, టీవీలో సీరియల్. ఒక రోగికి గుండెనొప్పి ఎప్పటి నుంచి ఉందో వింటూ వింటూ, ఆ అత్త ఆ కోడల్ని ఇంట్లోంచి ఎప్పుడు గెంటిందో కూడా రాసేసింది. పంపే ముందు చూసుకుంది కాబట్టి బతికిపోయాం. మర్నాటి నుంచి మళ్ళీ వెనక గదే.

లైన్‌మాన్‌ని పిలిపించాను. ఆయన వచ్చి, చెప్పులు బయట విడిచి, మోడెం ముందు గొంతుక్కూర్చుని, టీ తాగుతూ దానివైపే చూశాడు. చాలాసేపు చూశాడు. టీ బాగుంది కాబోలు.

"సారూ, ఈ లైటు సూడండి," అన్నాడు చివరకు. "మీ నెట్టు పోయిందంటిరే, ఇప్పుడు పోయుండాదా?"

లోపలి నుంచి నా భార్య, "పోయింది," అంది.

"ఈ లైటు ఆరిందా? ఆర్లే. ఇది ఆరితే మా తప్పు. లైను బాగుండాది. మోడెం దాకా నెట్టు వస్తాండాది. ఆడ్నుంచి మీ గదిలోకి గాల్లో పోయేదుండాదే, అది మా డిపార్టుమెంటు కాదు."

గాలి ఎవరి డిపార్టుమెంటో చెప్పకుండా ఆయన వెళ్ళిపోయాడు. కాని ఆయన చెప్పింది నిజమే. లైను బాగానే ఉంది, తెగుతున్నది వైఫై.

నా భార్య కుప్పంలో ఉన్న వాళ్ళన్నకు ఫోను చేసింది. ఆయన అక్కడ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతున్నాడు. మనిషి మంచివాడే గాని, కంప్యూటరు తెలియనివాళ్ళ మీద ఆయనకున్న జాలి ఎదుటివాళ్ళు భరించగలిగేది కాదు. ఆదివారం పొద్దున బస్సెక్కి, పలమనేరు, పుంగనూరు మీదుగా వచ్చి, భోజనం వేళకు మా ఇంట్లో దిగాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి లాప్‌టాపుకు గుచ్చాడు. చుట్టుపక్కల ఉన్న వైఫైలన్నిటినీ పట్టి చూపించే స్కానర్ అది.

తెర మీద మూడు నాలుగు గుట్టలు లేచాయి. కింద ఒకటి నుంచి పదమూడు దాకా చానెల్ నంబర్లు, అంటే వైఫైలు గాల్లో పోయే దారులు, పైన రంగురంగుల గుట్టలు. మా ఊరి చుట్టూ ఉన్న కొండల్ని ఎవరో పిల్లవాడు గీసినట్టు ఉంది.

"ఇంతేనా? ఇంత మాత్రానికి తెగదే," అన్నాడు. "సాయంత్రం దాకా సూస్తాము."

సాయంత్రం చూశాం. మా అపార్టుమెంటులో అందరూ పద్ధతైన మనుషులు. పొద్దున షాపుకో ఆఫీసుకో పోయేటప్పుడు గ్యాసు కట్టేసి, మోటారు కట్టేసి, మోడెం కూడా స్విచ్చి కట్టేసి పోతారు. ఇంటికి రాగానే దేవుడి గదిలో దీపం, హాల్లో మోడెం ఒకేసారి వెలిగిస్తారు. ఒక్కొక్క ఇంట్లో దీపం వెలుగుతుంటే మా తెర మీద ఒక్కొక్క గుట్ట లేచింది. చీకటి పడేసరికి పక్కన ఒకటి, పైన ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి, ఆరో నంబరు దగ్గర పెద్ద పోగు తయారైంది. జాబితాలో సగం పేర్లు కంపెనీ పెట్టిన పేర్లే. ఒకాయన మాత్రం దేవుడి పేరు పెట్టుకున్నాడు, ఒకాయన ఇంగ్లీషులో ముట్టుకోవద్దని పెట్టుకున్నాడు.

"అందరూ ఆరులోనే ఉండారు బావా," అన్నాడు. "మీరుగూడా."

"మేం ఎప్పుడు వెళ్ళాం ఆరులోకి?"

"మీరు పోలే. మోడెం ఆరుతోనే వస్తాది ఫ్యాక్టరీ నుంచి."

అప్పుడర్థమైంది. అంతకు ఏడాది ముందు మా అసోసియేషన్ ప్రెసిడెంటు టెలిఫోను వాళ్ళతో మాట్లాడి కింద పార్కింగులో ఒక టేబులు వేయించాడు. ఒకే రోజు, ఒకే స్కీము, ఇంటింటికీ ఒకే మోడెం. అందరం వరుసలో నిలబడి, పప్పన్నానికి పిలిచినట్టు సంబరంగా తీసుకున్నాం. ఎవరూ లోపల ఏ నంబరుందో తిప్పి చూడలేదు. తిప్పి చూడాలని తెలిస్తే కదా.

"పోతే పోనీ, పదమూడుండాయి గదా, పక్కదానికి మార్చు. ఏడు పెట్టు," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "బావా, ఆరులో ఉండేవాడు ఆరులోనే ఉండడు. కాళ్ళు చేతులు చాపుకొని నాలుగు నుంచి ఎనిమిది దాకా పడుకుంటాడు. ఏడులో పెడితే సగం వాడి మీద పడుకున్నట్టు. ఇద్దరికీ నిద్దరుండదు. ఒకరి కాలు ఒకరికి తగలకుండా పండాలంటే మూడే చోట్లు: ఒకటి, ఆరు, పదకొండు."

తర్వాత ఇంకొక సంగతి చూపించాడు. ప్రతి పేరు పక్కనా ఒక మైనస్ అంకె ఉంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే ఆ వైఫై అంత గట్టిగా వినిపిస్తున్నట్టు. మా వెనక గదిలో మాది మైనస్ అరవైలో ఉంటే, పక్కింటి ప్రెసిడెంటు గారిది యాభైలో ఉంది. వాళ్ళ మోడెం మా గది గోడకు అవతల పక్కే మేకుకు తగిలించి ఉంది. అంటే మా ఇంట్లో మా మోడెం కంటే ఆయన మోడెం గొంతే పెద్దది. మెట్ల మీద ఆయన గొంతు విన్న ఎవరికీ ఇందులో ఆశ్చర్యం కలగదు.

ఒకటో నంబరు దగ్గర తెర ఖాళీగా ఉంది. బావమరిది మోడెం లోపలికి పోయి ఆరు తీసి ఒకటి పెట్టాడు. మోడెం ఒకసారి ఆరి వెలిగింది. నా భార్య హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఫైళ్ళన్నీ ఒక్కసారి కూడా ఆగకుండా పోయాయి. స్కానరును లాప్‌టాపులోనే ఉంచి, అది ఎలా చూడాలో చెల్లెలికి నేర్పి, నాకు నేర్పే ప్రయత్నం చేయకుండా, ఆయన పొద్దున బస్సెక్కి పోయాడు.

ఇది ఇక్కడితో అయిపోవాల్సింది. కాని మా ప్రెసిడెంటు గారు టమాటా మండీ యజమాని. మదనపల్లెలో టమాటా మండీ నడిపే మనిషికి పక్కవాడి ముఖం చూస్తే అతనికి ఎక్కడ మంచి ధర దొరికిందో తెలిసిపోతుంది. రెండు రోజులు నా ముఖం చూసి, మూడో రోజు మెట్ల దగ్గర ఆపాడు.

"ఏం సారూ, సాయంత్రం మాకు నెట్టు ఆడతాండ్లే. మీ ఇంట్లో పాప పని బాగా జరుగుతాండాదంట?"

ఆయన లెక్కలో పాప అంటే నా భార్య. నాకు చెప్పడం ఇష్టం. అదే నా వృత్తి. చానెల్ మార్చామని చెప్పాను.

"ఏ నంబరు పెట్టినారు?"

"ఒకటి."

"అదే గదా," అన్నాడు తల ఊపుతూ. "మేం ఆరో రకంలో ఉండాము. మీరు ఒకటో రకంలోకి పోయినారు. ఆడకుండా ఏం చేస్తాది?"

రకం కాదు, చోటు మాత్రమే అని నేను చెప్పబోయాను. కాని ఆయన మండీలో పొద్దున్నే కాయల్ని ఒకటో రకం, రెండో రకం, పారేసే రకం అని వేరు చేయించి పాటలో పెట్టే మనిషి. ఒకటి అనే అంకెకు ఇంకో అర్థముంటుందని ఆ వయసులో ఎవరు మాత్రం నమ్ముతారు? ఆయన అప్పటికే ఫోను తీసి కంప్యూటరు షాపువాడిని రమ్మంటున్నాడు.

ఆ వారాంతానికి షాపువాడు మా మెట్లన్నీ ఎక్కి దిగాడు. ప్రెసిడెంటు ఇంట్లో ఒకటి పెట్టాడు. అది చూసి కింది ఇంటాయన ఒకటి పెట్టించుకున్నాడు. ఆయనకు బి.కొత్తకోట దగ్గర పొలముంది. పక్క చేను వాళ్ళు టమాటా నాటారని తెలిస్తే తానూ టమాటా నాటేవాడు, అందరూ నాటినందుకు ధర పడిపోతే అందర్నీ తిట్టేవాడు. ఆయన్ని చూసి పై అంతస్తు వాళ్ళు. సోమవారం సాయంత్రం స్కానర్ తెరిస్తే ఆరో నంబరు దగ్గర బయలు. ఒకటో నంబరు దగ్గర కొండ.

నా భార్య ఫైలు సగంలో ఆగింది.

మరునాడు బెంగళూరు నుంచి సూపర్‌వైజరు ఫోను చేసింది. ఆమె మాట మెత్తగానే ఉంది. ఇంకొక్క ఫైలు ఆలస్యమైతే ఈ మూడు నెలలూ ఇక్కడితో ఆపేద్దాం అంది, అంతే. ఇంకొక్క వారం మిగిలి ఉంది. నా భార్య ఫోను పెట్టేసి, నావైపు చూసి, "మెట్ల మీద నంబరు చెప్పకపోతే ఏమయ్యేది?" అని అడిగింది. ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

పరిహారంగా మిద్దె మీద మీటింగు పెట్టించాను. నీళ్ళ ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు. చదువుకున్నవాణ్ణి, అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి, ఇది సరఫరా, గిరాకీ సమస్యే అని నాకు గట్టి నమ్మకం. ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడూ సమానమేనని, ఒక అంతస్తు ఒకటి తీసుకుంటే పై అంతస్తు ఆరు, ఆ పైది పదకొండు తీసుకుంటే ఎవరి కాలూ ఎవరికీ తగలదని చెప్పాను. పిల్లలకు చెప్పినట్టు మెల్లగా, రెండుసార్లు చెప్పాను.

కొత్తకోట పొలమాయన చేయి లేపాడు. "సార్, మూడూ సమానమంటారు గదా. అయితే మీరు ఆరులో యాల ఉండల్యా? లేచి ఒకటిలోకి యాల పోయినారు?"

"ఆ రోజు అందరూ ఆరులో ఉన్నారు కాబట్టి."

"ఇప్పుడందరం ఒకటిలో ఉండామని, మమ్మల్ని మళ్ళా ఆరుకు పొమ్మంటారు. ఒకటి మీకు మిగలాలనా?"

ట్యాంకు దగ్గర ఎవరో నవ్వారు. నేను చేతనైన ఆఖరి ఆయుధం తీశాను. "చూడండి, ఊళ్ళో లారీలన్నీ ఒకే సంతకు పోతే ఏమవుతుంది? సరుకు ఎక్కువై ధర పడిపోతుంది. తలా ఒక సంతకు పోతే అందరికీ మంచిది కదా."

ప్రెసిడెంటు గారు దీన్ని చాలా సానుభూతితో విన్నారు. "మంచి మాటే సారూ. కానీ ధర బాగుండే సంతకే గదా ఎవురైనా పోయేది. బాగలేని సంతకు నువ్ పో అంటే ఎవురు పోతారు? మీ కాలేజీలో పిల్లోళ్ళు పోతారేమో."

మీటింగు ముగిసింది. తీర్మానాలేవీ లేవు. టీ ఖర్చు నాది.

కిందికి దిగేసరికి నా భార్య పని చేసుకుంటోంది. తెగడం లేదు. ఏమైందని అడిగాను. హెడ్‌ఫోను ఒక చెవి మీది నుంచి జరిపి, "మీరు పైన ఉపన్యాసం ఇస్తుంటే పదకొండుకు మార్చాను. అక్కడ ఎవరూ లేరు," అంది. మళ్ళీ చెవి మూసుకుంది. నిజానికి నాకా ఆలోచన రాలేదు. అందరికీ న్యాయం చేయాలని మిద్దె ఎక్కినవాడికి ఇంట్లోనే ఒక మోడెం ఉందని గుర్తుండదు.

అలా నాలుగు సాయంత్రాలు నిశ్శబ్దంగా గడిచాయి. అందరూ ఒకటో రకం మీద ఒకరినొకరు తోసుకుంటుంటే, ఎవరూ కన్నెత్తి చూడని పదకొండులో ఆమె ఒక్కతే కూర్చుని అమెరికావాళ్ళ మోకాళ్ళ నొప్పులు టైపు చేస్తోంది. ఆఖరి రోజు ఒక్కటే మిగిలింది.

ఆ ముందు రోజు మధ్యాహ్నం ప్రెసిడెంటు గారి భార్య కరివేపాకు కోసం వచ్చింది. మాటల్లో మాటగా ఉద్యోగం సంగతి అడిగింది. నా భార్య అబద్ధం చెప్పే మనిషి కాదు. రేపటితో తేలుతుందని, ఒక్క ఫైలు ఆగినా పోతుందని చెప్పింది.

"మీకుగూడా ఒకటే గదా తల్లీ? మాకు ఒకటి పెట్టినా సాయంత్రం నెట్లో బొమ్మ కదల్లే."

"లేదక్కా, మాది పదకొండు."

ఆవిడ చేతిలోని కరివేపాకు అలాగే ఉండిపోయింది. "పదకొండా?"

"బాగానే వస్తాండాదక్కా."

"అట్లే అంటావు నువ్వు. కష్టం సెప్పుకునే దానివా," అని ఆవిడ నా భార్య చేయి పట్టుకుందట. "మేమంతా ఒకటిలో కూర్చోని, కష్టపడి పని చేసే బిడ్డను పదకొండుకు తోసినామా."

ఇదంతా సాయంత్రం నా భార్య నాకు చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఒక రోజు ఉంది.

ఆఖరి రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె తొమ్మిది ఫైళ్ళు పంపేసి, చివరి పెద్ద ఫైలు మీద ఉంది. టైపు అయిపోయింది. పంపే మీట నొక్కింది. గీత సగం దాకా పోయి ఆగింది. ఎర్రగుర్తు పడింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ పోయింది. ఆమె ముఖం వైపు నేను చూడలేదు. అమ్మ ఎవరూ చెప్పకుండానే టీవీ కట్టేసింది. అది మా ఇంట్లో ముందెన్నడూ జరగనిది.

"లైనేమో," అన్నాను.

"లైటు వెలుగుతూనే ఉంది," అంది. ఆమె కంగారుపడలేదు. స్కానర్ తెరిచింది.

పదకొండో నంబరు మీద, నిన్నటిదాకా మేమొక్కరమే ఉన్నచోట, అపార్టుమెంటు మొత్తం ఉంది. దేవుడి పేరాయన, ముట్టుకోవద్దన్నాయన, గోడ అవతలి ప్రెసిడెంటు గారు, అందరూ. ఒకటో నంబరు దగ్గర తెర తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

అప్పుడే తలుపు తట్టారు. ప్రెసిడెంటు గారు. వెనకాల ఆయన భార్య, ఆవిడ వెనక కంప్యూటరు షాపువాడు చెమటలు తుడుచుకుంటూ.

"అమ్మా, ఒక మాట సెప్పి పోతాము," అన్నాడాయన గడప అవతలే నిలబడి. "మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగి అందర్నీ ఒప్పించినాము. ఒకటి నీకు వదిలేసినాము. నీ ఉద్యోగం ఖాయమయ్యేదాకా అది నీదే. ఎవుడన్నా అందులోకొస్తే నాతో సెప్పు."

"మీరంతా పదకొండుకు ఎందుకు పోయారు?" అని అడిగాను.

"మీరే గదా సారూ మిద్దె మీద సెప్పింది? ఒకటి, ఆరు, పదకొండు అని. ఒకటికి బాగా దూరంగా పోవల్లంటే పదకొండే గదా. పాపకు మా కాళ్ళు తగలగూడదని."

అంటే నా ఉపన్యాసం వృథా కాలేదు. ఆ మాట వినిపించుకున్నారు. ఇంకెప్పుడైనా వినిపించుకుని ఉండొచ్చు.

నా భార్య అప్పటికే లోపలికి పోయింది. మోడెం లోపల పదకొండు తీసి ఒకటి పెట్టింది. మోడెం ఆరి వెలిగేదాకా మేమందరం, గడప ఇవతలివాళ్ళం, అవతలివాళ్ళం, ఏదో పూజలో హారతి కోసం చూసినట్టు ఆ లైటు వైపే చూశాం. వెలిగింది. ఆమె మళ్ళీ పంపే మీట నొక్కింది. గీత నింపాదిగా కదిలి, సగం దాటి, చివరిదాకా పోయింది. గడువుకు ఇంకా కాస్త సమయం మిగిలే ఉంది.

ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. ప్రెసిడెంటు గారి భార్య చేయి పట్టుకుని, "పోయిందక్కా," అంది.

"పోయిందా?" అని ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"పోవాల్సిందే పోయింది. ఫైలు."

వాళ్ళు పట్టరాని సంతోషంతో వెళ్ళారు. తాము పొరపాటున ఏం చేయబోయారో ఆ రోజు గాని ఆ తర్వాత గాని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. పదిహేను ఇళ్ళవాళ్ళు తాము ఒకటో రకం అనుకున్నదాన్ని వదిలేసి, చివరి రకం అనుకున్నదానికి ఇష్టపడి పోయారు. ఆ సాయంత్రం ఆ పదిహేను ఇళ్ళలో ఒక్క బొమ్మ కూడా కదలలేదని నాకు తెలుసు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

రెండు రోజుల తర్వాత సూపర్‌వైజరు ఫోను చేసి, ఇక నుంచి రెగ్యులర్ అని చెప్పింది. నేను అప్పుడు పుంగనూరు బస్సులో ఉన్నాను. నా భార్య ముందు కుప్పానికి ఫోను చేసింది, తర్వాత పక్కింటికి వెళ్ళి చెప్పింది, నాకు ఇంటికొచ్చాక తెలిసింది. వరుస సరిగ్గానే ఉంది.

ఆ ఆదివారం ఆమె లాప్‌టాపు చంకలో పెట్టుకుని బయలుదేరింది. మొదట ప్రెసిడెంటు ఇల్లు. స్కానర్ తెరిచి వాళ్ళ హాల్లో బల్ల మీద పెట్టి, "సూడండి అన్నా, ఈ గుట్టలన్నీ మనమే," అంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. తన మోడెంకు పెట్టిన మండీ పేరు కనబడగానే వేలితో తాకి చూశాడు.

"నా ఉద్యోగం ఖాయమైంది. ఒకటిలో ఇంకా చోటుండాది. మన అంతస్తు వాళ్ళంతా నాతో రండి," అంది.

"నీదానిలోకి మేమెందుకమ్మా."

"నేను పిలుస్తాండాను కదన్నా."

కింది అంతస్తులో కొత్తకోట పొలమాయన ఇంట్లో, "ఆరులో ఎవరూ లేరు మామా, మీరే ముందు," అంది. ఆయన వెనకా ముందూ చూసి, నిజంగా ఎవరూ లేరని తెరమీద చూసి, ఎవరైనా వచ్చేలోపు మార్చేయమని తొందరపెట్టాడు. మా పై అంతస్తును పదకొండులోనే ఉంచింది, ఆ పైదాన్ని మళ్ళీ ఆరులో పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యంగా వచ్చింది గాని, సాయంత్రానికి తెర మీద గుట్టలు మూడు చోట్ల సర్దుకుని ఉన్నాయి. ఒక్కొక్క చోట నాలుగో ఎనిమిదో ఉన్నాయి కాబట్టి అప్పుడప్పుడు కాస్త తూగేది. తెగడం మాత్రం మానేసింది.

మరునాడు పొద్దున బస్సుకు దిగుతుంటే ప్రెసిడెంటు గారు మెట్ల దగ్గర ఆపారు.

"సారూ, మీ ఇంటామె ఎంత బాగా సెప్పిందో సూడండి. ఒక్కొక్క అంతస్తుకు ఒక్కొక్క నంబరంట. మూడూ సమానమేనంట. ఆ పొద్దు మిద్దె మీద మీరు గూడా ఇట్లా సెప్పుంటే అప్పుడే అయిపోయుండు గదా."

నిజమేనన్నాను. బస్సుకు వేళయింది.